123 కోట్ల అంకెలు మామూలు ఫోన్‌లో ఎలా ఇముడుతాయి?

కొత్త ఫోన్ల ప్రకటనల్లో "నెట్ లేకున్నా పనిచేసే ఏఐ" అన్న మాట ఈమధ్య తరచుగా వినిపిస్తోంది. సరే చూద్దామని అలాంటి మోడల్‌ని డౌన్‌లోడ్ చేయడానికి వెళ్తే ఒకే పేరుతో ఐదారు ఫైళ్లు కనిపిస్తాయి. ఒకటి దాదాపు రెండున్నర జీబీ, ఒకటి 1.3 జీబీ, ఇంకొకటి జీబీ కూడా ఉండదు. పేర్ల చివర `Q8_0`, `Q4_0`, `Q4_K_M` అని తోకలు. కొన్నిటి పేరులో `distill` అని కూడా ఉంటుంది. ఏది ఎందుకు చిన్నదైందో, చిన్నదైతే ఏం పోయిందో ఆ పేజీలో ఎవరూ చెప్పరు.

ఇందులో రెండు వేర్వేరు పనులున్నాయి. చాలామంది వాటిని ఒకటిగా కలిపేస్తారు. డిస్టిలేషన్ అంటే పెద్ద మోడల్ సాయంతో ఇంకో చిన్న మోడల్‌ని తయారు చేయడం. క్వాంటైజేషన్ అంటే ఉన్న మోడల్‌నే ఉంచి, దాని లోపలి అంకెలను తక్కువ చోటులో, కాస్త మోటుగా రాసుకోవడం. మొదటిదాంట్లో అంకెల సంఖ్య తగ్గుతుంది. రెండోదాంట్లో ఒక్కో అంకె పట్టే చోటు తగ్గుతుంది. ఈ రెండూ వరసగా జరిగిన ఉదాహరణ ఒకటి మన కళ్లముందే ఉంది. మెటా సంస్థ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన లామా 3.2లోని అతి చిన్న మోడల్ అది. పేరులో 1B, అంటే వంద కోట్లు అని ఉన్నా, అసలు లెక్క సుమారు 123 కోట్ల అంకెలు. దాని వెంటే వెళ్దాం.

## ఫైల్ తెరిస్తే ఉండేవి అంకెలే

భాషా మోడల్ ఫైల్‌లో వాక్యాలు, నిఘంటువులు, వికీపీడియా పేజీలు ఉండవు. 0.0132, -0.27 లాంటి అంకెలు బారులు తీరి ఉంటాయి. వీటినే పారామీటర్లు లేదా వెయిట్లు అంటారు. మనం ఇచ్చిన మాటలను ఈ అంకెలతో గుణించి, కూడి, తర్వాత ఏ ముక్క రావచ్చో మోడల్ అంచనా వేస్తుంది. ఆ ముక్క పేరు టోకెన్. అది ఒక పూర్తి మాట కావచ్చు, మాటలో ఓ భాగం కావచ్చు.

మామూలుగా ఒక్కో అంకెను 16 బిట్లలో, అంటే రెండు బైట్లలో రాస్తారు. 123 కోట్ల అంకెలకు రెండేసి బైట్లు వేసుకుంటే దాదాపు రెండున్నర జీబీ అవుతుంది. దీని పెద్దన్న, లామా 3.1లోని ఒక మోడల్‌లో 800 కోట్ల పారామీటర్లుంటాయి కాబట్టి దానికి 16 జీబీ కావాలి. 7000 కోట్లదైతే 140 జీబీ. నాలుగు, ఆరు జీబీల ర్యామ్ ఉన్న ఫోన్‌లో ఆండ్రాయిడే కొంత తీసేసుకుంటుంది. మిగిలిన చోటులో రెండున్నర జీబీ మోడలే కష్టంగా సర్దుకోవాలి.

చోటు ఒక్కటే సమస్య అయితే "పట్టింది కదా" అని ఊరుకోవచ్చు. వేగం దగ్గర అసలు చిక్కు వస్తుంది. మోడల్ ఒక్కో టోకెన్ రాసేటప్పుడు దాదాపు ఫైల్ మొత్తాన్నీ మెమరీలోంచి ఒకసారి చదవాలి. ఉదాహరణకు ఒక ఫోన్ మెమరీ సెకనుకు 15 జీబీ చదవగలదనుకుందాం. రెండున్నర జీబీ మోడల్ అయితే సెకనుకు ఆరు టోకెన్లు దాటవు. అదే మోడల్ ఒక జీబీకి దిగితే 15 దాకా వెళ్లొచ్చు. ప్రాసెసర్ ఎంత గొప్పదైనా ఈ హద్దు మారదు, ఎందుకంటే అది ఎక్కువ సేపు అంకెల కోసం ఎదురుచూస్తూనే ఉంటుంది. కాబట్టి ఫైల్ చిన్నదైతే స్టోరేజీతో పాటు టైమూ కలిసొస్తుంది.

## 800 కోట్ల నుంచి 123 కోట్లకు: డిస్టిలేషన్

చిన్న మోడల్‌ని మొదటినుంచీ మామూలుగా నేర్పించి వదిలేయవచ్చు. మెటా అలా చేయలేదు. లామా 3.1లోని 800 కోట్ల మోడల్‌ని తీసుకుని, అంతగా పనికిరావనుకున్న భాగాలను కత్తిరించింది. దీన్ని ప్రూనింగ్ అంటారు. కత్తిరించిన మోడల్ వెంటనే పనికిరాదు, చాలావరకు తడబడుతుంది. దాన్ని మళ్లీ నిలబెట్టడానికి 800 కోట్ల మోడల్‌నీ, 7000 కోట్ల మోడల్‌నీ టీచర్లుగా పెట్టి శిక్షణ ఇచ్చారు. ఈ రెండో పనే డిస్టిలేషన్.

టీచర్ దగ్గర స్టూడెంట్ నేర్చుకునేది ఏమిటో ఒక వాక్యంతో చూద్దాం. "హోటల్లో రెండు ఇడ్లీలు, ఒక..." అని ఉంది. శిక్షణకు వాడే పాఠంలో తర్వాతి మాట "వడ". మామూలు శిక్షణలో మోడల్‌కి అందే సమాచారం ఇంతే: వడ సరైనది, మిగతావన్నీ తప్పు. ఆ లెక్కన దోశ ఎంత తప్పో కిటికీ కూడా అంతే తప్పు.

టీచర్ మోడల్‌ని అదే వాక్యం అడిగితే ఒక్క మాటతో సరిపెట్టదు, తనకు తెలిసిన టోకెన్లన్నిటికీ ఒక్కో శాతం ఇస్తుంది. అర్థం కావడానికి నేను వేసుకున్న అంకెలు ఇవి: వడకు 45, దోశకు 35, కాఫీకి 15, కిటికీకి దాదాపు సున్నా. ఈ శాతాల పట్టికలో వడ, దోశ ఒక జాతివని ఉంది. కాఫీ కాస్త దూరమైనా ఆ హోటల్‌కి చెందిందేనని ఉంది. కిటికీకి ఇక్కడ పనిలేదని కూడా ఉంది. స్టూడెంట్ తన శాతాలను ఈ పట్టికకు దగ్గరగా తెచ్చుకునేలా శిక్షణ సాగుతుంది. ఒకే వాక్యం నుంచి ఎన్నో రెట్లు ఎక్కువ సమాచారం అందుతుంది కాబట్టి, తక్కువ పారామీటర్లతోనే మెరుగ్గా నేర్చుకుంటుంది.

ఈ ఆలోచనకు డిస్టిలేషన్ అన్న పేరు జెఫ్రీ హింటన్, ఒరియోల్ విన్యాల్స్, జెఫ్ డీన్ 2015లో రాసిన పత్రంతో స్థిరపడింది. మూలం మాత్రం 2006 నాటికే ఉంది.

ఇందులో ఖర్చు చాలానే ఉంటుంది. పాఠంలోని ప్రతి టోకెన్ దగ్గరా టీచర్‌ని కూడా నడపాలి. లామా 3 టోకెన్ల పట్టికలో 1,28,000కు పైగా టోకెన్లున్నాయి. ప్రతి చోటా అన్ని శాతాలు దాచుకోవడం మామూలు వ్యవహారం కాదు. గూగుల్ తన జెమ్మా 3 మోడళ్ల విషయంలో ఒక్కో చోట 256 టోకెన్లను మాత్రమే ఎంచుకుని సరిపెట్టింది. వాటిని టీచర్ ఇచ్చిన శాతాలను బట్టి ఎంపిక చేశారు.

ఇంకో చౌక పద్ధతి కూడా ఉంది. శాతాల జోలికి పోకుండా, టీచర్ రాసిన జవాబులనే పాఠ్యంగా తీసుకుని స్టూడెంట్‌ని నేర్పించడం. 2025 జనవరిలో చైనా కంపెనీ డీప్‌సీక్ తెచ్చిన ఆర్1 మోడల్ పేరుతో తిరిగే చిన్న మోడళ్లన్నీ ఇలా తయారైనవే. ఆర్1తో తయారు చేయించిన ఉదాహరణలు, మరికొన్ని కలిపి సుమారు 8 లక్షలు సిద్ధం చేసి, వాటితో అప్పటికే ఉన్న క్వెన్, లామా మోడళ్లకు శిక్షణ ఇచ్చారు. అంటే ఫోన్‌లో "ఆర్1" అని పెట్టుకున్నవాళ్ల దగ్గర ఉన్నది ఆర్1 కాదు, ఆర్1 రాతలు చదివిన క్వెన్ లేదా లామా అన్నమాట.

పేచీ కూడా ఇక్కడే మొదలైంది. జవాబులు చాలు కాబట్టి, ఎదుటి కంపెనీ మోడల్‌ని టీచర్‌గా వాడుకోవడానికి దాని ఫైల్ అక్కర్లేదు. చాట్‌జీపీటీని తయారుచేసిన ఓపెన్ఏఐ, తన మోడల్ జవాబులను డీప్‌సీక్ అలా వాడుకున్నట్టు ఆధారాలు ఉన్నాయని అప్పట్లో ఆరోపించింది. అది నిబంధనల ఉల్లంఘన అన్నది ఒక వాదన. ఇంటర్నెట్‌లో జనం రాసినదంతా అడక్కుండా వాడుకున్నవాళ్లకు ఆ మాట అనే హక్కు ఎక్కడిదన్నది ఎదుటి వాదన. రెండిటిలోనూ పస ఉంది.

## 16 బిట్ల నుంచి 4 బిట్లకు: ఒక లెక్క చేసి చూస్తే

ఇప్పుడు మన చేతిలో 123 కోట్ల పారామీటర్ల మోడల్ ఉంది. ఒక్కో అంకెకు 16 బిట్లు కాకుండా 4 బిట్లే ఇద్దామనుకుందాం. నాలుగు బిట్లతో 16 రకాల విలువలే రాయగలం. సులువుగా ఉండేందుకు -7 నుంచి 7 దాకా పూర్ణాంకాలు అనుకోండి.

మోడల్‌లో ఈ నాలుగు అంకెలు పక్కపక్కన ఉన్నాయి: 0.12, -0.33, 0.07, 0.70. వీటిలో పెద్దది 0.70. దాన్ని 7గా రాయాలంటే ఒక్కో మెట్టు 0.1 అవుతుంది. ఈ 0.1ని స్కేల్ అంటారు. మిగతావాటిని స్కేల్‌తో భాగించి దగ్గరి పూర్ణాంకానికి సర్దితే 1, -3, 1, 7 వస్తాయి. ఫైల్‌లో ఉండేవి ఈ చిన్న అంకెలూ, ఒక స్కేలూ. వాడే సమయంలో స్కేల్‌తో మళ్లీ గుణిస్తే 0.1, -0.3, 0.1, 0.7 తిరిగొస్తాయి. తేడా 0.03కి మించలేదు. ఇలాంటి చిన్న తేడాలు కోట్ల అంకెల్లో కొన్ని పైకి, కొన్ని కిందికి పోయి చాలావరకు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి.

అదే వరసలో చివరిది 0.70 బదులు 7.0 అయితే కథ మారిపోతుంది. ఇప్పుడు మెట్టు 1.0. 0.12, -0.33, 0.07 మూడూ సున్నాకు సర్దుకుంటాయి. ఒక్క పెద్ద అంకె పక్కన ఉన్న పాపానికి మూడు అంకెల్లోని సమాచారం పూర్తిగా పోయింది. ఇలాంటి దారితప్పిన పెద్ద విలువలను అవుట్‌లయర్లు అంటారు. పెద్ద భాషా మోడళ్లలో, ముఖ్యంగా లెక్కలు నడిచేటప్పుడు మధ్యలో పుట్టే విలువల్లో, ఇవి తప్పనిసరిగా కనిపిస్తాయి. క్వాంటైజేషన్‌లో గత కొన్నేళ్లుగా వచ్చిన పద్ధతుల్లో చాలావరకు వీటిని అదుపు చేయడానికి పుట్టినవే.

తేలికైన ఉపాయం, అంకెలను చిన్న గుంపులుగా విడగొట్టి ఒక్కో గుంపుకు ఒక్కో స్కేల్ ఇవ్వడం. అప్పుడు అవుట్‌లయర్ తన గుంపునే పాడుచేస్తుంది. `Q4_0` ఫైల్‌లో 32 అంకెలకు ఒక గుంపు, గుంపుకు 16 బిట్ల స్కేల్ ఒకటి. ఆ 16 బిట్లను 32 మందికి పంచితే తలకు అర బిట్ పడుతుంది. కాబట్టి పేరుకు నాలుగైనా లెక్కకు నాలుగున్నర బిట్లు.

మెటా 2024 అక్టోబరులో ఈ మోడల్‌నే రెండు దారుల్లో క్వాంటైజ్ చేసి విడుదల చేసింది. మొదటి దారి పేరు స్పిన్‌క్వాంట్. అంకెల పట్టికలను గణితపరంగా తిప్పి, అవుట్‌లయర్ బరువును పక్కవాటికి పంచి, ఆ తర్వాత సర్దుతారు. ఫలితం మారకుండా తిప్పడం సాధ్యమే. రెండో దారిలో శిక్షణ సమయంలోనే అంకెలను సర్దినట్టు నటిస్తూ నేర్పిస్తారు. రేపు తన అంకెలు మోటుగా మారతాయని మోడల్‌కి ముందే అలవాటవుతుంది. దీన్ని క్వాంటైజేషన్ అవేర్ ట్రైనింగ్ అంటారు. ఇది మెరుగైన దారే కానీ శిక్షణకు తగిన డేటా, కంప్యూటర్లు ఉండాలి. స్పిన్‌క్వాంట్‌కు ఆ బెడద లేదు. సొంతంగా మోడల్‌ని మార్చుకున్న చిన్న బృందాలకు అదే అందుబాటులో ఉండే దారి.

## నాలుగో వంతు కావాల్సింది సగానికే ఎందుకు ఆగింది

16 బిట్లు నాలుగైతే ఫైల్ నాలుగో వంతుకు దిగాలి. మెటా చెప్పిన లెక్క ప్రకారం 2,358 ఎంబీ ఉన్న మోడల్ స్పిన్‌క్వాంట్ తర్వాత 1,083 ఎంబీ అయింది. అంటే సగానికి కాస్త తక్కువ.

కారణం టోకెన్ల పట్టిక. ప్రతి టోకెన్‌కూ 2,048 అంకెలుంటాయి. 1,28,000 టోకెన్లకు లెక్కేస్తే 26 కోట్లు దాటుతుంది. 123 కోట్లలో ఇది ఐదో వంతుకు పైమాటే. మాట లోపలికి వచ్చేటప్పుడూ, జవాబు బయటికి పోయేటప్పుడూ ఈ పట్టికే పనిచేస్తుంది కాబట్టి దీన్ని 4 బిట్లకు దించకుండా 8 బిట్ల దగ్గరే ఉంచారు. పెద్ద మోడళ్లలో ఈ పట్టిక వాటా తక్కువ, చిన్నవాటిలో ఎక్కువ. అందుకే చిన్న మోడల్‌ని ఇంకా చిన్నది చేయడం అంతకంతకూ కష్టమవుతుంది.

వేగం సంగతి బాగానే ఉంది. వన్‌ప్లస్ 12 ఫోన్‌లో సెకనుకు 19 టోకెన్లు రాసిన మోడల్ స్పిన్‌క్వాంట్ తర్వాత 50 రాసింది. ఇది ఖరీదైన ఫోన్ అన్న సంగతి మరవొద్దు. పది, పన్నెండు వేల ఫోన్‌లో మెమరీ వేగం చాలా తక్కువ, పైగా వేడెక్కితే ఫోన్ తనంతట తనే వేగం తగ్గించేసుకుంటుంది. నడిచేటప్పుడు వాడే ర్యామ్ కూడా ఫైల్ సైజు కన్నా ఎక్కువ, ఇక్కడ 1.9 జీబీ దాకా పోయింది. వెనకాల వాట్సాప్, యూట్యూబ్ తెరిచి ఉంటే ఆండ్రాయిడ్ ఎవరినో ఒకరిని మూసేస్తుంది.

## పోయిందేమిటి, ఎలా తెలుస్తుంది

ఎంఎంఎల్‌యూ అని ఒక పరీక్ష ఉంది. 57 సబ్జెక్టుల్లో నాలుగేసి ఆప్షన్ల ప్రశ్నలు. కళ్లు మూసుకుని టిక్ పెట్టినా 25 మార్కులొస్తాయి. లామా 3.1లోని 800 కోట్ల మోడల్‌కి ఇందులో 69.4 వస్తే, మన 123 కోట్ల మోడల్‌కి 49.3. పరిమాణం తగ్గించినందుకు పడ్డ దెబ్బ ఇది, అదీ మంచి టీచర్లు ఉండగా. తర్వాత దాన్ని ఏ జాగ్రత్తా లేకుండా 4 బిట్లకు సర్దితే 43.3కి పడింది. స్పిన్‌క్వాంట్‌తో 47.3, శిక్షణలోనే అలవాటు చేసిన దారిలో 49.0. పెద్ద నష్టం చిన్న మోడల్ కావడంలోనే జరిగింది. క్వాంటైజేషన్‌ని ఒళ్లు దగ్గర పెట్టుకుని చేస్తే నష్టం దాదాపు కనిపించదు.

ఈ లెక్క చూసి "అయితే పెద్ద మోడల్‌నే 4 బిట్లకు దించుకుంటే పోలా" అనే వాదం వచ్చింది. ఒకే సైజు ఫైల్‌లో తక్కువ బిట్ల పెద్ద మోడల్, ఎక్కువ బిట్ల చిన్న మోడల్ కన్నా సాధారణంగా మెరుగని 2023 నాటి పరిశోధనలు చెప్పాయి కూడా. ఎదుటి మాట కూడా ఉంది. ఒక మోడల్‌ని దాని సైజుకు మించి ఎంత ఎక్కువ పాఠంతో నేర్పిస్తే, తర్వాత అంకెలు సర్దినప్పుడు అది అంత ఎక్కువ నష్టపోతుందని 2024లో ఇంకో బృందం చూపించింది. లామా 3.2 చిన్న మోడల్ 9 లక్షల కోట్ల టోకెన్ల దాకా చదివింది. ప్రతి అంకెలోనూ ఏదో ఒకటి కుక్కి ఉంది కాబట్టి, సర్దడానికి ఖాళీ తక్కువ.

సగటు మార్కులు దాచేసే విషయం మరొకటి. క్వాంటైజ్ చేసిన మోడల్‌కి అసలుదానితో సమానంగా మార్కులొచ్చినా, ఇంతకుముందు రైట్ అయినవి కొన్ని తప్పు అవుతాయి, తప్పు అయినవి కొన్ని రైట్ అవుతాయి. మొత్తం మారదు కానీ జవాబులు మారతాయి. అందుకే అసలు మోడల్‌నీ, కుదించినదాన్నీ పక్కపక్కన పెట్టి ఒక్కో జవాబునూ పోల్చి చూడటం మార్కుల పట్టిక కన్నా నమ్మదగిన పని. దెబ్బతిన్న మోడల్ ఆనవాళ్లు చదువుతుంటేనే తెలుస్తాయి. ఒకే వాక్యం మళ్లీ మళ్లీ రావడం, మధ్యలో వేరే లిపి దూరడం, పొడవైన జవాబులో తేదీలు, అంకెలు జారిపోవడం.

## తెలుగుకు దెబ్బ ఎక్కువ తగిలేది ఎందుకు

లామా 3.2కి మెటా అధికారికంగా ప్రకటించిన ఎనిమిది భాషల్లో హిందీ ఉంది, తెలుగు లేదు. తెలుగులో అడిగితే ఏదో ఒకటి రాస్తుంది, కానీ టీచర్‌కే అంతంతమాత్రంగా వచ్చిన భాషను స్టూడెంట్ బాగా నేర్చుకుంటుందని ఆశించలేం.

క్వాంటైజేషన్ దగ్గర కూడా మనలాంటి భాషలదే నష్టం. కోహియర్ అనే ఏఐ కంపెనీ పరిశోధకులు 2024లో బహుభాషా మోడళ్లను పరీక్షిస్తే, లాటిన్ లిపిలో లేని భాషలు ఎక్కువ దెబ్బతిన్నాయి. పైగా ఆ దెబ్బను యంత్రాల పరీక్షలు తక్కువ చేసి చూపించాయి. జపనీస్‌లో ఆటోమేటిక్ పరీక్షలు 1.7 శాతం తగ్గుదల అన్నచోట, మనుషులు చదివి ఇచ్చిన తీర్పులో అది 16 శాతం. ఇంగ్లీషు మార్కులు చూసి "ఏం పోలేదు" అనుకోవడం ఎంత తప్పో దీన్నిబట్టి తెలుస్తుంది.

మూడో సంగతి టోకెన్లది. కంప్యూటర్లు అక్షరాలను దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు అక్షర చిహ్నానికి మూడు బైట్లు. ఒత్తు, గుణింతం చిహ్నాలు విడిగా లెక్కకొస్తాయి. ఇంగ్లీషును ఎక్కువగా చూసి తయారైన టోకెన్ల పట్టికలో తెలుగు మాట ముక్కలు ముక్కలవుతుంది. ఒక మాటకు ఆరు టోకెన్లు పట్టాయనుకుంటే, సెకనుకు 15 టోకెన్లు రాసే ఫోన్ రెండున్నర మాటలే రాస్తుంది. సంభాషణను గుర్తుంచుకోవడానికి వాడే మెమరీ కూడా టోకెన్ల లెక్కనే నిండుతుంది. ఈ మోడల్‌లో టోకెన్‌కు 32 కేబీ చొప్పున, 8,192 టోకెన్లకు 256 ఎంబీ. అదే విషయాన్ని తెలుగులో మాట్లాడితే ఈ చోటు ముందే అయిపోతుంది.

## నెట్ సరిగా అందని చోట నిజంగా మిగిలేది

సిగ్నల్ సరిగా లేని ఊళ్లో సెకనుకు ఒక మెగాబిట్ వేగం వస్తోందనుకుందాం. అసలు 2,358 ఎంబీ మోడల్ దిగడానికి ఐదుంబావు గంటలు పడుతుంది. కుదించిన 1,083 ఎంబీకి రెండు గంటల 24 నిమిషాలు. మధ్యలో లైన్ తెగితే ఆగినచోటి నుంచి మళ్లీ అందుకోగలిగే యాప్ అయితేనే ఇది అయ్యే పని.

డేటా పొదుపు అన్న మాట మాత్రం జాగ్రత్తగా వాడాలి. సర్వర్‌కి ఒక ప్రశ్న పంపి జవాబు తెచ్చుకోవడానికి ఐదు కేబీ అనుకుంటే, మోడల్ డౌన్‌లోడ్‌కి అయిన డేటాతో రెండు లక్షల ప్రశ్నలు అడగొచ్చు. కేవలం టెక్స్ట్ అయితే ఫోన్‌లోని మోడల్ డేటా మిగల్చదు. అడిగిన క్షణంలో సిగ్నల్ ఉన్నా లేకున్నా పని జరగడం, మాట ఫోన్ దాటి పోకపోవడం, వీటికోసమే అది. ఫోటోల విషయం వేరు. సెకనుకు 100 కిలోబిట్ల లైన్ మీద మూడు ఎంబీల ఫోటో పంపడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. అక్కడ ఫోన్‌లోనే పని ముగియడం పెద్ద వెసులుబాటు. నేటి ధరలు, బస్సు టైమింగులు లాంటివాటికి ఎంత మంచి మోడల్ ఉన్నా నెట్ కావాల్సిందే.

అన్నీ తెలిసిన మోడల్‌ని కుదించే బదులు, ఒక్క పని చేసే మోడల్‌ని కుదించడం తెలుగుకు ఇప్పటికి ఎక్కువ కలిసొచ్చిన దారి. ఐఐటీ మద్రాసులోని ఏఐ4భారత్ 2023లో తెచ్చిన ఇండిక్‌ట్రాన్స్2 షెడ్యూల్డ్ భాషలు ఇరవై రెండింటికీ అనువాదం చేస్తుంది. అసలు మోడల్ 110 కోట్ల పారామీటర్లది. దాన్ని టీచర్‌గా పెట్టి సుమారు 20 కోట్ల పారామీటర్ల చిన్న మోడళ్లను డిస్టిల్ చేశారు. 16 బిట్లలో అది 400 ఎంబీ, 8 బిట్లకు దించితే 200. ఇందాకటి ఒక మెగాబిట్ లైన్ మీద 27 నిమిషాల్లో దిగిపోతుంది. అయితే ఆ ఫైల్ ఇంగ్లీషు నుంచి తెలుగులాంటి మన భాషల్లోకే తెస్తుంది. తెలుగు నుంచి ఇంగ్లీషుకు వెళ్లాలంటే ఇంకో మోడల్, ఇంకో 27 నిమిషాలు.